సెల్లార్ ఎంత లోతు, పక్కిల్లు ఎంత దూరం

ఇంకా పునాది కూడా పడని భవనానికి బీమా ధర చెప్పే మనిషి చాలాసార్లు ఆ స్థలం మొహం కూడా చూసి ఉండడు. ముంబైలోనో చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఓ ఆఫీసులో కూర్చుని ఉంటాడు. అండర్‌రైటర్ అంటారు అతన్ని. కట్టబోయేది విజయవాడలో అయితే అతనికి ఆ ఊరి గురించి తెలిసేది తన ముందున్న రెండు మూడు పేజీల కాగితంతోనే. దాన్ని ప్లేస్‌మెంట్ స్లిప్ అంటారు. ధర అడిగే దశలో కోట్ స్లిప్ అని కూడా అంటారు. బీమా బ్రోకర్ దాన్ని తయారుచేసి ఐదారు కంపెనీలకు ఒకేసారి పంపుతాడు. ప్రీమియం ఎంత, ఏ నష్టానికి ఎంత ఇస్తారు, ఎంతవరకు కాంట్రాక్టరే భరించాలి అన్నవి ఆ కాగితంలో రాసిన మాటల మీద నడుస్తాయి. రాయకుండా వదిలేసిన మాటలు మాత్రం క్లెయిమ్ వచ్చిన రోజున బయటికొస్తాయి.

కొత్త కట్టడాలకు తీసుకునే ఈ బీమాను కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ అంటారు, పొట్టిగా సీఏఆర్. 1929లో లండన్‌లో థేమ్స్ నది మీద లాంబెత్ వంతెన కట్టేటప్పుడు ఇలాంటి పాలసీ మొదట రాశారని చెబుతారు. ఇందులో రెండు భాగాలుంటాయి. మొదటిది, కడుతున్న పనికి, సైటులోకి వచ్చిన సామగ్రికి జరిగే నష్టం. రెండోది, మన పని వల్ల బయటివాళ్ల ప్రాణానికో ఆస్తికో కలిగే నష్టానికి మనం చెల్లించాల్సిన పరిహారం. పేరులో ‘ఆల్ రిస్క్’ ఉందని అన్నీ ఇస్తారనుకోవద్దు. తప్పుగా వేసిన స్లాబును మళ్లీ వేసే ఖర్చు ఇవ్వరు. ఆ స్లాబు కూలి కింద సరిగ్గా కట్టినదాన్ని పాడుచేస్తే, పాడైనదానికి ఇస్తారు.

మన దేశంలో 2006 చివరి దాకా ఇంజనీరింగ్ బీమా రేట్లు టారిఫ్ ప్రకారం ఉండేవి. ఏ కంపెనీ దగ్గరికి వెళ్లినా పుస్తకంలో రాసిన రేటే చెప్పేవారు కాబట్టి పదిమందిని అడగడంలో పెద్ద అర్థం ఉండేది కాదు. 2007 జనవరి 1 నుంచి ఆ కట్టుబాటు తీసేశారు. అప్పటినుంచి ఎవరి లెక్క వారిది. దాంతో స్లిప్‌కు ఇక్కడ అసలైన పని పడింది. అందరికీ ఒకే వివరాలు, ఒకే ప్రశ్నలు ఇస్తేనే వచ్చిన ధరలను పక్కపక్కన పెట్టి చూడగలం. ఒకరికి సెల్లార్ సంగతి చెప్పి ఇంకొకరికి చెప్పకపోతే, రెండోవాళ్ల ధర తక్కువగా రావడం వింతేమీ కాదు. పెళ్లి సంబంధాలకు పంపే బయోడేటా లాంటిదే ఇదీ. అందరిళ్లకూ ఒకటే వెళ్లాలి, అందులో ఉన్నది నిజమై ఉండాలి.

ఒక ప్రాజెక్టును ఊహించుకుందాం. విజయవాడలో బుడమేరుకు కిలోమీటరున్నర దూరంలో మూడు బ్లాకుల అపార్ట్‌మెంట్. భూమి మీద పది అంతస్తులు, కింద పార్కింగ్‌కు సెల్లార్. పని ముప్పై నెలలు. కాంట్రాక్టరుకు ఇచ్చిన వర్క్ ఆర్డర్ 150 కోట్లు. కాంట్రాక్టర్ ఆఫీసు నుంచి బ్రోకర్‌కు మొదట వచ్చే వివరం దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది:

“పని: నివాస భవనాలు, మూడు బ్లాకులు, సెల్లార్‌తో. స్థలం: విజయవాడ. విలువ: 150 కోట్లు. కాలం: 30 నెలలు. గతంలో వరదలు: లేవు.”

దీన్ని ఇలాగే తీసుకుపోయి స్లిప్‌లో దించేస్తే రేపు సాయంత్రానికల్లా కోట్లు వచ్చేస్తాయి. చౌకగానే వస్తాయి. కానీ ఈ ఐదు ముక్కల్లో ఒక్కటి కూడా ఉన్నది ఉన్నట్టు లేదు.

ముందు డబ్బు సంగతి. 150 కోట్లు కాంట్రాక్టరు అందుకునే మొత్తం. కానీ ఈ పనికి స్టీలు, సిమెంటు, లిఫ్టులు యజమానే కొని ఇస్తున్నాడు. అవి 30 కోట్లు. సీఏఆర్ పాలసీ షరతు ప్రకారం బీమా మొత్తం అంటే పని పూర్తయ్యేనాటికి అయ్యే పూర్తి విలువ. అందులో సామగ్రి, కూలి, రవాణా, సుంకాలు, యజమాని ఇచ్చిన వస్తువులు అన్నీ కలవాలి. అంటే 180 కోట్లు రాయాలి. 150 రాస్తే ఏమవుతుంది? మూడు కోట్ల నష్టం జరిగిందనుకోండి. సర్వేయర్ వచ్చి కాంట్రాక్టు కాగితాలన్నీ తీయిస్తాడు. రాయాల్సింది 180, రాసింది 150 కాబట్టి ఆరింట ఐదు వంతులే బీమా ఉన్నట్టు లెక్కగడతాడు. మూడు కోట్లలో రెండున్నర కోట్లు తేలుతుంది. యాభై లక్షలు అక్కడే పోతాయి. భవనమంతా కూలలేదు కదా, మూడు కోట్లే అడుగుతున్నాం కదా అని వాదించి లాభం లేదు. కొంచెం తేడాను పట్టించుకోమని కొన్ని పాలసీల్లో వెసులుబాటు ఉంటుంది కానీ, అది కూడా స్లిప్‌లో అడిగితేనే వస్తుంది.

ముప్పై నెలల్లో స్టీలు ధర పెరిగితే పూర్తి విలువ కూడా పెరుగుతుంది. అందుకని ఎస్కలేషన్ అనే క్లాజు అడుగుతారు. బీమా మొత్తం మీద పది శాతమో, పదిహేను శాతమో దాకా పెరిగినా పాలసీ దానంతటదే అందుకునేలా. జీఎస్టీ కలిపి రాశారా, తీసేసి రాశారా అన్నది కూడా ఒక్క మాటలో స్పష్టం చేయాలి. లేదంటే క్లెయిమ్ రోజున రెండు వైపులవాళ్లూ తమకు అనుకూలమైన అర్థం చెప్పుకుంటారు. ఇవన్నీ కాస్త విసుగు పుట్టించే సంగతులే. బీమా మొత్తం తక్కువ రాస్తే ప్రీమియం నాలుగు రూపాయలు తగ్గుతుందన్న ఆశ కూడా కొంత ఉంటుంది, దాన్ని ఎవరూ పైకి ఒప్పుకోరు.

ఇక సెల్లార్. తెలిసిన బ్రోకర్ ఇక్కడ సైటు ఇంజనీరుకు నేరుగా ఫోన్ చేస్తాడు. ఆ మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి.

“సెల్లార్ ఒకటేనా సార్?”

“రెండండీ. కింద ఇంకోటుంది.”

“తవ్వకం ఎంత లోతు వస్తుంది?”

“ఎనిమిది మీటర్లు.”

“మట్టి పరీక్షలో నీళ్లెక్కడ తగిలాయి?”

“మూడు మీటర్లకే. అది ఏప్రిల్లో చేశారండీ.”

“మరి వానాకాలంలో?”

“ఇంకా పైకొస్తాయి కదండీ!”

“తవ్వకం ఎప్పుడు మొదలు?”

“జూన్‌లో.”

ఐదు జవాబులు. వీటితో స్లిప్ మొత్తం మారిపోతుంది. నీటిమట్టానికి ఐదు మీటర్ల కిందికి తవ్వుతున్నారు, అది కూడా సరిగ్గా వానలు పడే నెలల్లో. గొయ్యి తెరిచి ఉన్నంతకాలం రాత్రింబవళ్లు మోటార్లతో నీళ్లు తోడుతూనే ఉండాలి. గోడలు జారకుండా ముందే చుట్టూ పైళ్లు దించారా, మట్టిలోకి రాడ్లు కొట్టి నెయిలింగ్ చేశారా, లేక వాలుగా తవ్వుకుంటూ పోతున్నారా అన్నది అండర్‌రైటర్‌కు తెలియాలి. వాలుగా తవ్వడం చవకే కానీ పెద్ద వానకు మట్టి మొత్తం కిందికి వస్తుంది, కట్టిపెట్టిన రాఫ్ట్ స్టీలు దాని కింద కూరుకుపోతుంది.

నీళ్లతో ఇంకో ప్రమాదం ఉంది. బయటివాళ్లకు ఇది నమ్మబుద్ధి కాదు. రాఫ్ట్ వేసి, సెల్లార్ గోడలు లేపి, పైన అంతస్తులు ఇంకా లేవని దశలో ఆ కాంక్రీటు తొట్టె చూడ్డానికి ఎంతో బరువుగా ఉంటుంది. చుట్టూ మట్టిలో నీళ్లు పెరిగినప్పుడు మాత్రం దాన్ని కిందనుంచి పైకి నెడతాయి. పైన తగినంత బరువు పడేదాకా మోటార్లు ఆపకూడదు. ఆపితే, లేదా కరెంటు పోయి రాత్రంతా ఆగిపోతే, రాఫ్ట్ ఒకవైపు లేస్తుంది, గోడలు పగుళ్లిస్తాయి. నీళ్లు తగ్గాక కూడా అది మళ్లీ సరిగ్గా పాత చోట కూర్చోదు. అందుకే మంచి స్లిప్‌లో “నీళ్లు తోడే మోటార్లకు ప్రత్యేక జనరేటర్ ఉంది, ఎన్నో అంతస్తు స్లాబు పడేదాకా తోడతామో డిజైన్ ఇంజనీర్ రాసిచ్చారు” అన్న వాక్యం కనిపిస్తుంది. ఆ ఒక్క వాక్యం చూసి అండర్‌రైటర్ రేటు తగ్గించడం అరుదేమీ కాదు. సైటులో ఆలోచించే మనిషి ఒకడున్నాడని అతనికి అర్థమవుతుంది.

“గతంలో వరదలు: లేవు” అన్నది మరీ ఘోరం. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన వానలకు బుడమేరు పొంగి, కట్టలకు గండ్లు పడి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ వెంటనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. దేశమంతా టీవీలో చూసింది. ‘మా స్థలంలోకి రాలేదు’ అనేది కాంట్రాక్టరు ఉద్దేశం కావచ్చు, అది నిజం కూడా కావచ్చు. అలాగైతే అదే రాయాలి. “2024 వరదలో నీళ్లు ఫలానా రోడ్డు దాకా వచ్చాయి, సైటు దానికన్నా ఇంత ఎత్తులో ఉంది, చుట్టూ ఇంత ఎత్తు కట్ట వేస్తున్నాం” అని. ‘లేవు’ అని రాసి పంపితే, రేపు నీళ్లు వచ్చినప్పుడు కంపెనీ అడిగే మొదటి ప్రశ్న ఇదే. బీమా ఒప్పందం ఉభయుల నిజాయితీ మీద నిలబడేది. ధర నిర్ణయించే మనిషి నిర్ణయాన్ని మార్చగల విషయం ఏదైనా, అడిగినా అడగకపోయినా చెప్పాల్సిన బాధ్యత బీమా తీసుకునేవాళ్లదే. అది దాచారని తేలితే క్లెయిమ్ తగ్గించడం కాదు, పాలసీనే చెల్లదనవచ్చు.

నదులు, వాగుల దగ్గర పనులకు కంపెనీలు తరచూ ఒక షరతు కలుపుతాయి. పదేళ్లకోసారో ఇరవయ్యేళ్లకోసారో వచ్చే స్థాయి వానను, వరదను తట్టుకునేలా సైటులో జాగ్రత్తలు తీసుకుని ఉంటేనే నీళ్ల నష్టానికి చెల్లిస్తామని. ఈ షరతు ఉందో లేదో, ఉంటే ఎన్నేళ్ల వరద అన్నారో చూడకుండా కోట్ ఒప్పుకున్నవాళ్లు తర్వాత బాధపడతారు. పదేళ్ల వరదకు సరిపడా కట్ట వేసిన సైటుకు ఇరవయ్యేళ్ల వరద షరతుతో పాలసీ వస్తే, నీళ్ల నష్టం వరకు ఆ పాలసీ ఉన్నా లేనట్టే.

అండర్‌రైటర్ ఈ వివరాలన్నిటినీ పెట్టుకుని ఒక లెక్క వేస్తాడు. ఒకే సంఘటనలో గరిష్ఠంగా ఎంత పోవచ్చు అని. 180 కోట్ల పని అంతా ఒకేసారి కొట్టుకుపోదు. విజయవాడ భూకంపాల మ్యాపులో మూడో జోన్‌లో ఉంది కాబట్టి అది ఒక లెక్క. వరద ఇంకో లెక్క. వరదకు అతను భయపడేది మొదటి ఏడాది ఒక్కదానికే కాదు. ఇరవయ్యో నెల చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్లు, ప్యానెల్ బోర్డులు, జనరేటర్లు, పంపులు, లిఫ్టు సామాను సైటులోకి దిగుతాయి. అన్నిటినీ పెట్టడానికి తాళం వేసే చోటు ఎక్కడుంది? కింది సెల్లార్‌లో. పెట్టెలు కూడా విప్పని ఎనిమిది, పది కోట్ల సామాను, వరద వస్తే మొదట మునిగే చోట. సరుకు ఎప్పుడు వస్తుంది, ఎక్కడ నిలవ చేస్తారు, ఒక చోట ఒకేసారి ఎంత విలువ మించకుండా ఉంచుతారు అన్నది స్లిప్‌లో ఉంటే అండర్‌రైటర్ భయం తగ్గుతుంది. పై అంతస్తులో పెడతామని రాసి సెల్లార్‌లో పెడితే మాత్రం రాయకపోవడం కన్నా చెడ్డది.

పక్కిల్లు కూడా స్లిప్‌లోకి రావాలి. మన ఊహా సైటుకు తూర్పున నాలుగు మీటర్ల దూరంలో ఓ పాత మూడంతస్తుల ఇల్లుందనుకుందాం. ఎనిమిది మీటర్ల గొయ్యి తవ్వితే ఆ ఇంటి పునాది కింద మట్టి కదలవచ్చు. నీళ్లు తోడేకొద్దీ చుట్టుపక్కల నేల కూడా కుంగవచ్చు. బయటివాళ్ల నష్టానికి రెండో భాగం ఉంది కదా అనుకుంటారు. కానీ కంపనాల వల్ల, పక్క కట్టడానికి ఆధారం తొలగడం వల్ల జరిగే నష్టాన్ని మామూలు పాలసీ నుంచి మినహాయిస్తారు. దాన్ని ప్రత్యేకంగా అడిగి కలిపించుకోవాలి. కలిపినా, పూర్తిగానో కొంతభాగమో కూలితేనే ఇస్తారు కానీ చిన్నచిన్న పగుళ్లకు ఇవ్వరు. పైగా పని మొదలుకాకముందు ఆ ఇల్లు బాగానే ఉందని, ఆధారం కోసం తగిన ఏర్పాట్లు చేశారని ఉండాలి. అందుకే తవ్వకానికి ముందు ఆ ఇంట్లో ప్రతి గది గోడలనూ తేదీ పడేలా ఫొటోలు తీయించి, ఇంటివారి చేత సంతకం పెట్టించుకుంటారు. ఆ ఇంటి పెద్దావిడ “మా గోడలు మీకెందుకు బాబూ?” అని అడుగుతుంది. పాత పగుళ్లను కొత్తవిగా చూపడానికి వీల్లేకుండా, కొత్త పగుళ్లను పాతవని కొట్టిపారేయడానికీ వీల్లేకుండా అని చెబితే ఆవిడకూ నచ్చుతుంది. నివేదిక ఉందన్న మాట స్లిప్‌కు జతచేస్తే, పక్కింటి గురించి కంపెనీలు అడిగే ప్రశ్నలు సగం తగ్గిపోతాయి.

బీమా ఎవరి పేరు మీద అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. స్లిప్‌లో యజమాని, కాంట్రాక్టర్, ఉపకాంట్రాక్టర్లు అందరినీ కలిపి రాస్తారు. అప్పు ఇచ్చిన బ్యాంకు పేరూ ఉండాలి. ఎలక్ట్రికల్ పని చేసే ఉపకాంట్రాక్టర్ పేరు లేకపోతే, అతని కుర్రాడి వెల్డింగ్ నిప్పురవ్వకు మంట లేచినప్పుడు కంపెనీ చెల్లించి, ఆ డబ్బును అతని దగ్గర వసూలు చేసుకోవడానికి వెళ్లవచ్చు. ఇంకో సంగతి, ఈ పనికి ఫలానా బ్రోకర్‌నే నియమించామని యజమాని రాసిచ్చిన లేఖ స్లిప్‌తో వెళ్లాలి. అది లేకుండా ఇద్దరు బ్రోకర్లు ఒకే ప్రాజెక్టుతో ఒకే కంపెనీ తలుపు తడితే, సాధారణంగా కంపెనీ ఇద్దరినీ పక్కన పెట్టి కూర్చుంటుంది.

తేదీల దగ్గర కూడా కథలుంటాయి. టెండరు తెచ్చుకునే హడావుడిలో బీమా గుర్తుకొచ్చేసరికి గొయ్యి సగం తవ్వేసి ఉంటారు. “పని త్వరలో మొదలు” అని రాయడం ఇక్కడ మామూలు అలవాటు. నిజానికి ఎంత శాతం అయిందో, ఇప్పటిదాకా ఏ నష్టమూ జరగలేదన్న ప్రకటనతో, ఫొటోలతో రాస్తే కంపెనీ ఒకసారి మనిషిని పంపి చూయించుకుని, బహుశా కొంచెం ఎక్కువ ధరకు, ఒప్పుకుంటుంది. దాచి ఒప్పించుకున్న తేదీని బట్టబయలు చేయడానికి కాంక్రీటు సరఫరా చేసినవాడి బిల్లు ఒక్కటి చాలు.

మూడు బ్లాకుల్లో మొదటిది ఇరవై నాలుగో నెలకే ఇచ్చేసి జనాన్ని దించాలన్నది ప్లాను అయితే, అదీ రాయాలి. అప్పగించిన భాగానికి, వాడుకలోకి వచ్చిన భాగానికి సీఏఆర్ రక్షణ అక్కడితో ఆగిపోతుంది. మిగతా రెండు బ్లాకుల క్రేను మొదటి బ్లాకు మీద పడితే ఏం చేయాలన్నది ముందే ఆలోచించుకోవాల్సిన విషయం. పని అయ్యాక పన్నెండు నెలల మెయింటెనెన్స్ కాలానికి కూడా బీమా కావాలంటే అది వేరే అడగాలి. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి, మరమ్మతుకు వచ్చినప్పుడు కాంట్రాక్టరు చేసే పాడు మాత్రమే చూస్తుంది. రెండోది, కట్టేటప్పుడు జరిగిన లోపం తర్వాత బయటపడి నష్టం చేసినా చూస్తుంది. ధరలో తేడా ఉంటుంది, రక్షణలో అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది.

స్లిప్ పంపాక వారం పది రోజుల్లో జవాబులు మొదలవుతాయి. ముందు ప్రశ్నలొస్తాయి. ఒక కంపెనీ అడిగిన ప్రశ్నకు ఇచ్చిన జవాబును బ్రోకర్ మిగతావాళ్లందరికీ పంపాలి. ఇది తప్పితే స్లిప్ ఉద్దేశమే చెడుతుంది. కంపెనీలు తమ సొంత శక్తికి మించిన పనులకు రీఇన్సూరెన్స్ సంస్థల దగ్గరికి వెళ్తాయి. మన దగ్గర జీఐసీ రీ, ఇంకా కొన్ని విదేశీ సంస్థల శాఖలు. మూడు కంపెనీలు ఒకే సంస్థకు ఒకే ప్రాజెక్టును మూడు రకాల వివరాలతో తీసుకెళితే అక్కడి మనిషికి అనుమానం వస్తుంది. అనుమానం వచ్చిన మనిషి అయితే ధర పెంచుతాడు, లేదంటే వద్దంటాడు.

మన ప్రాజెక్టుకు రెండు కోట్లు మిగిలాయనుకుందాం. లెక్క కోసం వేసుకున్న అంకెలే ఇవి. మొదటి కంపెనీ 18 లక్షల ప్రీమియం అంది. ప్రకృతి వైపరీత్యాల నష్టంలో ఎక్సెస్, అంటే కాంట్రాక్టరు సొంతంగా భరించేది, క్లెయిమ్‌లో పది శాతం, కనీసం పది లక్షలు. రెండో కంపెనీ 21 లక్షలు, ఎక్సెస్ ఐదు శాతం, కనీసం ఐదు లక్షలు. కొనుగోళ్ల విభాగంలో కూర్చున్న మనిషికి మూడు లక్షలు మిగిల్చాననే ఆనందం ఉంటుంది. వరదకు మూడు కోట్ల నష్టం వస్తే మొదటిదాంట్లో 30 లక్షలు, రెండోదాంట్లో 15 లక్షలు జేబులోంచి పోతాయి. బుడమేరు పక్కన తవ్వే గొయ్యికి నేనైతే రెండోదే తీసుకోమంటాను. నేల గట్టిగా ఉండి, వాగూ వంకా లేని చోట సెల్లార్ లేకుండా కట్టే గోడౌనుకు మొదటిదే చాలు. ఎక్సెస్ ఒక్కటే కాదు, మొదటి కంపెనీ ఆ పదేళ్ల, ఇరవయ్యేళ్ల వరద షరతు పెట్టిందా, శిథిలాలు తొలగించే ఖర్చుకు పరిమితి ఎంత పెట్టింది అన్నవీ బ్రోకర్ వేసే పట్టికలో ఉండాలి. శిథిలాలంటే ఇక్కడ బురద. రెండు సెల్లార్లలో నిండిన బురదను ఎత్తించడానికి అయ్యే ఖర్చు, పాడైన పని ఖర్చుకు ఎంతో దూరంలో ఉండదు.

పెద్ద పనిని ఒకే కంపెనీ మొత్తం తీసుకోకపోవచ్చు. ఒకరు సగం తీసుకుని లీడర్ అవుతారు, ఇంకొకరు ముప్పై శాతం, మరొకరు ఇరవై. లీడర్ ఒప్పుకున్న షరతులనే మిగతావాళ్లు అనుసరిస్తారు, క్లెయిమ్ కూడా లీడరే చూస్తాడు. చెల్లింపు మాత్రం ఎవరి వాటా వారిది. లీడర్ డబ్బు వచ్చాక ఇరవై శాతం వాడి డబ్బు కోసం నెలల తరబడి ఫోన్లు చేసిన కాంట్రాక్టర్లున్నారు. కాబట్టి స్లిప్‌లో లీడర్ నిర్ణయానికి మిగతావాళ్లు కట్టుబడతారన్న మాట రాయించుకోవడం మంచిది. లండన్ లాయిడ్స్ మార్కెట్లో బ్రోకర్ స్లిప్ పట్టుకుని ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరిగేవాడు. ఒక్కొక్కరు తమ వాటా శాతం రాసి సంతకం పెట్టేవారు. అందరి వాటాలూ కలిపి నూరు శాతం దాటిపోతే, అదే నిష్పత్తిలో తగ్గించి సరిచేసేవారు. ఇప్పుడు అక్కడా ఎక్కువ పని తెర మీదే జరుగుతోంది.

కోట్ ఖరారైంది అంటే బీమా మొదలైందని కాదు. బీమా చట్టం 1938లోని 64విబి సెక్షన్ ప్రకారం ప్రీమియం అందకుండా కంపెనీ బాధ్యత తీసుకోకూడదు. పెద్ద ప్రాజెక్టులకు వాయిదాల వెసులుబాటు ఉంటుంది కానీ మొదటి వాయిదా అయినా ముందు జమ కావాలి. సంతకాలు శుక్రవారం అయ్యి, యజమాని అకౌంట్స్ విభాగం సోమవారం డబ్బు పంపి, శనివారం రాత్రి వాన దంచి కొడితే ఆ నష్టం ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. తర్వాతి వాయిదాల తేదీలు కూడా ఇలాగే, ఒక్కటి దాటినా రక్షణ ఆగిపోయే ప్రమాదం ఉంది.

తర్వాత పాలసీ పుస్తకం వస్తుంది, లావుగా. ఇక్కడ బ్రోకర్ చేయాల్సిన పని స్లిప్ పక్కన పెట్టుకుని వరుసగా టిక్కులు కొట్టుకుంటూ పోవడమే. పక్కింటి ఆధారం క్లాజు వచ్చిందా? ఉపకాంట్రాక్టర్లు ఉన్నారా? వరద షరతు మనం ఒప్పుకున్నదేనా? ఎస్కలేషన్ శాతం అదేనా? అచ్చులో జారిపోయేవి సాధారణంగా ఇవే. తప్పుంటే ఆ వారంలోనే రాసి ఎండార్స్‌మెంట్ తీసుకోవాలి. ఆర్నెల్ల తర్వాత అడిగితే, మీరు ఒప్పుకున్నారనే అనుకున్నాం అంటారు.

అప్పటికీ పని అయిపోదు. పదో నెలలో యజమాని పార్కింగ్ చాలదని మూడో బ్లాకు కింద ఇంకో సెల్లార్ తవ్వమంటాడు. తవ్వకం ఎనిమిది మీటర్ల నుంచి పదకొండు మీటర్లకు దిగుతుంది. డ్రాయింగులు మారతాయి, బిల్లులు మారతాయి, పాలసీ మాత్రం ఇంకా ఎనిమిది మీటర్లనే చెబుతుంటుంది. ఇంజనీరు బ్రోకర్‌కు ఆ రోజే ఒక మెయిల్ కొడితే కంపెనీ రెండు ప్రశ్నలడిగి, కొంత అదనపు ప్రీమియం తీసుకుని సరిచేస్తుంది. అందులో రాయాల్సిందల్లా కొత్త లోతు, కొత్త విలువ, నీళ్లు తోడే ఏర్పాటులో మార్పు, పక్కింటి వైపు పైళ్లు ఎంత లోతుకు దించుతున్నారో ఆ సంగతి.